రెస్టారెంట్ యజమానికి సోషల్ మీడియా ప్రపోజల్ ఎలా రాయాలి: పని ఎంత, చేతికిచ్చేది ఏమిటి, ఫీజు ఎలా

"మీ సోషల్ మీడియా అంతా నేను చూసుకుంటాను." నా మొదటి ప్రపోజల్‌లో పని గురించి రాసింది ఈ ఒక్క వాక్యమే. దాని కింద నెల ఫీజు, ఫోన్ నంబరు. యజమాని చదివిన రోజే సరే అన్నారు. నేను సంబరపడ్డాను. మూడో వారంలో మెనూ కార్డు డిజైన్ చేసిపెట్టమన్నారు. ఆ తర్వాత తలుపు మీద అంటించే పోస్టర్. ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది: ఎవరో ఒక్క స్టార్ ఇచ్చారు, ఇప్పుడే జవాబు పెట్టండి అని. ఆయన తప్పేమీ లేదు. 'అంతా' అని రాసిచ్చింది నేనే.

ఆ 'అంతా' అన్న మాటను లెక్కపెట్టగలిగే ముక్కలుగా విడగొట్టడమే ప్రపోజల్ ఉత్తరం చేయాల్సిన పని. ఎలా విడగొట్టాలో ఒకే ఉదాహరణ మీద మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం. నలభై సీట్ల రెస్టారెంట్ ఒకటి ఉందనుకోండి. శుక్ర, శని, ఆదివారాలు నిండిపోతుంది. సోమవారం నుంచి గురువారం దాకా రాత్రిపూట సగం బల్లలు ఖాళీ. యజమాని మీతో అన్నది ఇంతే: "రోజూ ఒక పోస్టు పెట్టండి, ఫాలోవర్లు పెరగాలి."

1. రాయడానికి ముందు ఒక గంట

ముందు ఆయన్ని నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ రోజుల్లో, ఏ పూట బల్లలు ఖాళీగా ఉంటున్నాయి? బుకింగ్‌లు ఫోన్లో వస్తాయా, లింకు ద్వారానా, నేరుగా వచ్చి కూర్చుంటారా? ఇన్‌స్టాగ్రామ్‌కు వచ్చే మెసేజీలకు ఇప్పుడు ఎవరు జవాబిస్తున్నారు? ఆ అకౌంట్ల లాగిన్ ఎవరి దగ్గరుంది? చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. పాత ఉద్యోగి ఫోన్ నంబరు మీద తెరిచిన అకౌంట్లు మీరనుకునే దానికంటే ఎక్కువే ఉంటాయి. ఆ సంగతి ఫీజు ఒప్పుకున్నాక బయటపడితే మొదటి నెల సగం దాని వెంట తిరగడంతోనే పోతుంది.

తర్వాత వాళ్ల పేజీలను ఒక కస్టమర్ చూసినట్టు చూడండి. ఇన్‌స్టాగ్రామ్ కంటే ముందు గూగుల్ మ్యాప్స్‌లో వాళ్ల ప్రొఫైల్ తెరవండి. తెరిచి ఉండే వేళలు సరైనవేనా, మెనూ ఇప్పటిదేనా, ఫోటోలు ఎవరు పెట్టినవి? మన ఉదాహరణలో అసలు సంగతి ఇక్కడే దొరికిందనుకుందాం. రెస్టారెంట్ ఒకప్పుడు సోమవారం మూసేవారు, ఇప్పుడు తెరుస్తున్నారు, గూగుల్‌లో మాత్రం సోమవారం ఇంకా 'మూసి ఉంది' అనే ఉంది. ఇన్‌స్టాగ్రామ్ బయోలో బుకింగ్ లింకు లేదు. చివరి పన్నెండు పోస్టుల్లో తొమ్మిది పండగ శుభాకాంక్షల బొమ్మలు. వంటకాల ఫోటోలు మూడే, అవీ రాత్రి పసుపు బల్బుల కింద తీసినవి.

రోజూ ఒక పోస్టు పెట్టినా ఆ సోమవారం నిండదు. ఇక్కడే మీ ప్రపోజల్ మిగతావాళ్ల ప్రపోజల్ నుంచి వేరుపడుతుంది.

2. మొదటి పేరా మీ గురించి కాదు

చాలామంది ఉత్తరాన్ని తమ అనుభవంతో మొదలుపెడతారు. యజమాని ఆ ఉత్తరాన్ని వంటగది గుమ్మంలో నిలబడి ఫోన్లో చదువుతారు. ఆయనకు ముందు కనబడాల్సింది ఆయన సమస్యే, అదీ ఆయన మాటల్లోనే. మన ఉదాహరణకు ఇలా రాయొచ్చు:

> యజమాని గారికి,
>
> సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి బల్లలు సగం ఖాళీగా ఉంటున్నాయని మొన్న మీరు చెప్పారు. ఆ తర్వాత మీ పేజీలు చూశాను. సోమవారం మీరు తెరిచే ఉంటున్నా, గూగుల్‌లో మూసి ఉన్నట్టు కనబడుతోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ వంటకం చూసి నచ్చినవారికి బల్ల బుక్ చేసుకునే దారి లేదు. గూగుల్ వేళల్ని ఈ ప్రపోజల్‌తో సంబంధం లేకుండా ఈ రోజే మార్చుకోండి. ఎలా మార్చాలో కింద రెండు వాక్యాల్లో రాశాను. మిగతా పనికి నా ప్రతిపాదన ఇది.

కనిపెట్టిన లోపాన్ని ఉచితంగా చెప్పేస్తే పని పోతుందేమో అని భయపడేవాళ్లుంటారు. నా అనుభవంలో అలా పోలేదు. చిన్నదాన్ని ఊరికే చెప్పినవారికే పెద్దది అప్పగించారు. అయితే నెల మొత్తం పోస్టుల ఆలోచనలు రాసి పంపకండి. అది పని, సలహా కాదు.

మీ పరిచయం చివర్లో రెండు వాక్యాలు చాలు. ఇంతకుముందు చేసిన పనికి ఒకటి రెండు లింకులు ఇవ్వండి.

3. పని పరిధి: ప్రతి క్రియాపదం పక్కన ఒక అంకె

'కంటెంట్ తయారీ', 'పేజీ నిర్వహణ', 'ఎంగేజ్‌మెంట్' లాంటి మాటలు ఉత్తరంలో కనబడితే కొట్టేయండి. వాటికి అడుగు లేదు, ఎంత పోసినా నిండవు. వాటి స్థానంలో ఎన్ని, ఎప్పుడు, ఏ రూపంలో అన్నవి రాయండి. యజమాని మీ నెల పనిని వేళ్ల మీద లెక్కపెట్టి, వచ్చిందో లేదో చెప్పగలగాలి.

మన ఉదాహరణలో రోజుకో పోస్టు బదులు నెలకు ఎనిమిది పోస్టులు ఎంచుకున్నాను. ఖాళీ ఉన్నది నాలుగు రాత్రులే. వాటికి ముందు రోజో, అదే మధ్యాహ్నమో కనబడేలా వారానికి రెండు గట్టి పోస్టులు పెట్టి, మిగతా రోజులకు స్టోరీలు వాడితే సరిపోతుంది. ఉత్తరంలో అది ఇలా వస్తుంది:

> ప్రతి నెలా నేను ఇచ్చేవి
>
> మీ రెస్టారెంట్‌లో ఒక షూట్, మూడు గంటలు, ఎనిమిది వంటకాల దాకా.
>
> ఇన్‌స్టాగ్రామ్‌కు నాలుగు రీల్స్ (ఒక్కొక్కటి 15 నుంచి 30 సెకన్లు, నిలువు వీడియో), నాలుగు ఫోటో పోస్టులు. వీటికి క్యాప్షన్లు నేనే రాస్తాను. ఇవే ఫేస్‌బుక్ పేజీలోనూ వెళ్తాయి, అక్కడికి విడిగా ఏమీ తయారు చేయను.
>
> పన్నెండు స్టోరీలు, సోమ, మంగళ, బుధవారాల్లో. వాటికి కావాల్సిన ఫోన్ ఫోటోలు మీ సిబ్బంది పంపుతారు.
>
> మెసేజీలకు, కామెంట్లకు జవాబులు సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒకసారి, సాయంత్రం ఐదు లోపు.
>
> గూగుల్ ప్రొఫైల్‌లో వారానికి ఒక కొత్త ఫోటో, నెలకోసారి వేళలు, మెనూ సరిచూడటం.
>
> వచ్చే నెల మొదటి వారంలో ఒక పేజీ రిపోర్టు, అరగంట ఫోన్ కాల్.

ఫేస్‌బుక్ గురించిన ఆ చిన్న వాక్యాన్ని గమనించండి. 'అదే పోస్టు అక్కడ కూడా' అన్న దానికీ 'అక్కడికి వేరే పోస్టు' అన్న దానికీ నెలకు చాలా గంటల తేడా ఉంది. రాయకపోతే రెండోదే ఉందని ఎదుటివారు అనుకోవచ్చు. అలా అనుకునే హక్కు వాళ్లకుంది.

మెసేజీల వేళ కూడా అలాంటిదే. "త్వరగా జవాబిస్తాను" అని రాస్తే ఆ 'త్వరగా' రాత్రి పదకొండు దాకా సాగుతుంది. రాత్రి భోజనానికి బల్ల అడిగేవారిలో ఎక్కువమంది మధ్యాహ్నం తర్వాత అడుగుతారు కాబట్టి సాయంత్రం ఐదు అన్నది వ్యాపారానికి పనికొచ్చే గీత, మీరు నిలబెట్టుకోగలిగే గీత కూడా. ఐదు తర్వాత, వారాంతాల్లో వచ్చేవాటికి తనంతట తాను వెళ్లే జవాబు ఒకటి పెట్టి, అందులో రెస్టారెంట్ ఫోన్ నంబరు ఇవ్వండి.

4. ఇందులో లేనివి

ఈ భాగం రాయడానికి చేయి రాదు. ఏదో తప్పించుకుంటున్నట్టు అనిపిస్తుంది. కానీ యజమానికి ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఆ పనులకు ఇంకెవరినో చూసుకోవాలని ఆయనకు ముందే తెలుస్తుంది. పొడి జాబితాలా కాకుండా ఒక పేరాలో, విడిగా చేయించుకునే దారి చూపిస్తూ రాయండి:

> ఈ ఫీజులో మెనూ కార్డు, బోర్డులు, కరపత్రాల డిజైన్ లేదు. గూగుల్ రివ్యూలకు జవాబుల ముసాయిదా నేను రాసిస్తాను, నెలకు పది దాకా, కానీ ఫిర్యాదు ఉన్న రివ్యూకు ఏం చెప్పాలో మీరే నిర్ణయించాలి. యాడ్స్ నడపడం విడి పని. అదనపు షూట్ లేదా అదనపు రీల్ కావాలంటే షూట్‌కు ____, రీల్‌కు ____ చొప్పున చేస్తాను, మొదలుపెట్టే ముందు మీ సమ్మతి మెసేజ్‌లో తీసుకుంటాను.

రివ్యూల మీద ఇంకో మాట. "మంచి రివ్యూలు ఓ ఇరవై తెప్పించండి" అన్న కోరిక ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. డబ్బో, డిస్కౌంటో, ఉచిత వంటకమో ఇచ్చి రివ్యూలు రాయించడాన్ని గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. అలాంటివి తీసేయొచ్చు, ప్రొఫైల్ మీద ఆంక్షలూ పెట్టొచ్చు. కొన్న రివ్యూలు, కొన్న ఫాలోవర్లు ఉండవని ఉత్తరంలోనే ఒక వాక్యం రాసేయండి. తర్వాత ముఖాముఖి కాదనడం కంటే ఇది తేలిక.

5. ఆయన వైపు నుంచి కావాల్సినవి

పని ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. మూడు సంగతులు గట్టిగా రాయాలి.

మొదటిది షూట్. ఆ రోజు వంటకాలకయ్యే ఖర్చు రెస్టారెంట్‌దే అని రాయండి. ఎనిమిది వంటకాలు వండి, పళ్లెంలో అమర్చి ఇవ్వడానికి ఒక వంటమనిషి ఆ మూడు గంటలూ అందుబాటులో ఉండాలి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక, రాత్రి పని మొదలయ్యే ముందు ఉండే ఖాళీ సమయం అడగండి. కిటికీ వెలుతురు ఉంటుంది, వంటగదికీ ఊపిరి ఆడుతుంది. కిటికీ పక్క బల్ల దగ్గర పైబల్బులు ఆర్పేసి తీస్తే రంగులు చెడవు. వేడి వంటకం మెరుపు కొద్ది నిమిషాలే ఉంటుంది కనుక ఎనిమిదీ ఒకేసారి వండి పెట్టొద్దని, ఒకదాని తర్వాత ఒకటి రావాలని ముందే చెప్పండి. ఇవన్నీ ఉత్తరంలో పెట్టనక్కర్లేదు. "వంటమనిషి, ఎనిమిది వంటకాలు, కిటికీ పక్క బల్ల, మూడు గంటలు" అని ఒక వాక్యం చాలు. కస్టమర్లు గుర్తుపట్టేలా కనబడితే వారి అనుమతి ఎవరు అడుగుతారో కూడా అందులోనే తేల్చండి.

రెండోది ఆమోదం. నేను ఒకప్పుడు "48 గంటల్లో జవాబు రాకపోతే ఆమోదించినట్టే" అని రాసేదాన్ని. ఒకసారి యజమాని ఊళ్లో లేరు. జవాబు రాలేదు, పోస్టు వెళ్లిపోయింది. అందులో ఉన్నది పాత ధర. ఆ వారం బిల్లు దగ్గర నాలుగైదుసార్లు వాదన జరిగింది, ప్రతిసారీ పాత ధరకే ఇవ్వాల్సి వచ్చింది. అప్పటినుంచి రెండుగా విడగొట్టి రాస్తున్నాను: ధర, ఆఫరు, తేదీ ఉన్న పోస్టు మీ 'సరే' లేకుండా వెళ్లదు. మిగతావాటికి 48 గంటల మౌనం అంగీకారమే. నెల పోస్టులన్నీ ఒకేసారి, నెల మొదలయ్యే అయిదు రోజుల ముందు పంపుతాను. ఒక్కో పోస్టుకు రెండుసార్లు మార్పులు ఫీజులోనే. మూడోసారి నుంచి గంట రేటు.

ఆమోదం ఇచ్చేది ఒక్కరే అయ్యుండాలి. అన్నదమ్ములిద్దరూ భాగస్తులైతే ఒకరు ఎరుపు అంటారు, ఒకరు నీలం అంటారు, మీ రెండు మార్పులూ ఆ ఒక్క రంగు మీదే అయిపోతాయి. ఎవరి మాట చివరిదో వాళ్లే ఎంచుకుని ఉత్తరంలో పేరు రాయాలి.

మూడోది అకౌంట్లు. పాస్‌వర్డు అడగకండి, ఇచ్చినా తీసుకోకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు మెటా బిజినెస్ సూట్ నుంచి మీకు అనుమతి ఇవ్వొచ్చు. గూగుల్ ప్రొఫైల్‌లో మిమ్మల్ని 'మేనేజర్'గా చేర్చుకోవచ్చు. యజమాని హోదా ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండాలి. పని ముగిసిన రోజు ఒక్క నొక్కుతో మిమ్మల్ని తీసేయగలగాలి. ఆ మాట ఉత్తరంలో ఉంటే మీ మీద నమ్మకం పెరుగుతుంది, రేపు ఏదైనా పోయినా నింద మీ మీద పడదు.

6. ఫీజు కట్టే విధం

ఎదుటివాళ్లు ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని దానికి కాస్త తగ్గించి రాయడం అందరూ చేసేదే. వాళ్లు ఆ డబ్బుకు ఎన్ని గంటలు పనిచేస్తున్నారో మనకు తెలియదు. అందుకే ముందు గంటలు, తర్వాత డబ్బు.

పైన రాసిన నెల పనిని గంటల్లోకి మారుస్తాను. షూట్‌కు మూడు గంటలు, రాకపోకలూ సర్దుబాటూ ఒక గంట, మొత్తం 4. నాలుగు రీల్స్ ఎడిటింగ్ ఒక్కొక్కటి గంటన్నర, అంటే 6. నాలుగు ఫోటో పోస్టులు ముప్పావు గంట చొప్పున 3. నెల ప్రణాళిక, క్యాప్షన్లు రెండున్నర. పన్నెండు స్టోరీలు పది నిమిషాల చొప్పున 2. మెసేజీలు, కామెంట్లు రోజుకు ఇరవై నిమిషాలే అనిపిస్తుంది, కానీ నెలకు 22 పనిదినాలంటే దాదాపు ఏడున్నర గంటలు. గూగుల్ పని 1. రిపోర్టు, కాల్ 2. మార్పులు, యజమానితో మాటలు, రివ్యూ ముసాయిదాలు 3. కూడితే 31. అనుకోనివాటికి పదో వంతు కలిపితే 34 గంటలు.

మెసేజీలకు పోయే సమయం రీల్స్ ఎడిటింగ్ కంటే ఎక్కువ. మొదటిసారి ఇలా లెక్క వేసుకున్నప్పుడు నేనే నమ్మలేదు. ఫీజులో చాలామంది మరిచిపోయేది కూడా దాన్నే.

యజమాని అడిగినట్టు రోజుకో పోస్టు పెడితే? అందులో సగం రీల్స్ అనుకుంటే రెండు షూట్లు కావాలి, క్యాప్షన్లు, మార్పులు కూడా రెట్టింపు దాటతాయి. ఇదే పద్ధతిలో నేను వేసిన లెక్క, ఆ పదో వంతు కలపకముందే 66 గంటలు దాటింది. "రోజూ పెట్టొచ్చు, ఫీజు రెండింతలు అవుతుంది, గురువారం రాత్రి నిండటానికి మాత్రం అంత అవసరం లేదు" అని చెప్పడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

ఇక గంట రేటు. ఒక నెలలో మీరు 160 గంటలు పనిచేస్తారనుకోండి. క్లయింట్లను వెతకడం, ప్రపోజళ్లు రాయడం, ఇన్వాయిస్‌లు, నేర్చుకోవడం, ఖాళీ రోజులు తీసేస్తే డబ్బు వచ్చే గంటలు 90 ఉంటే గొప్ప. కాబట్టి మీ ఇంటి అవసరం, పన్ను, ఫోను, సాఫ్ట్‌వేర్ ఖర్చులన్నీ కూడి వచ్చిన నెల మొత్తాన్ని 160తో కాదు, 90తో భాగించండి. ఆ వచ్చిందే మీ కనీస గంట రేటు. దాన్ని 34తో హెచ్చవేస్తే ఈ రెస్టారెంట్ నెల ఫీజు.

ఇందులో ఇంకో నిజం దాగి ఉంది. 34 అన్నది 90లో మూడో వంతు కంటే ఎక్కువ. అంటే ఇలాంటి రెస్టారెంట్లు రెండు ఉంటే మీ నెల ముప్పావు వంతు నిండిపోతుంది, మూడోదానికి చోటు చాలదు. "ఐదుగురు క్లయింట్లు ఉంటే సరిపోతుంది" అనుకుని తమ నెల అవసరంలో ఐదో వంతుకే ఫీజు పెట్టినవారు మూడో నెలకు రాత్రిళ్లు కూర్చుని ఎడిటింగ్ చేస్తుంటారు. తర్వాత అందరికీ పోస్టులు ఆలస్యమవుతాయి.

మొదటి నెలకు విడిగా ఒక ప్రారంభ ఫీజు పెట్టండి. అకౌంట్ల అనుమతులు, బయో, బుకింగ్ లింకు, హైలైట్లు, గూగుల్ ప్రొఫైల్ సవరణ, మొదలయ్యే రోజు అంకెల నమోదు, ఇవన్నీ ఒక్కసారే జరిగే పని. నాకు పది గంటలకు దగ్గరగా పడుతుంది. దాన్ని నెల ఫీజులో కలిపేస్తే మొదటి నెల మీరు నష్టపోతారు, ఆరో నెల యజమాని ఎక్కువ కడుతుంటారు.

7. ఫీజు పేరా

అంకె దాచకండి, బతిమాలకండి, వివరణతో ముంచకండి. మీ అంకెలు మీరు వేసుకుని ఈ వరసలో రాయండి:

> ప్రారంభ పని, ఒక్కసారి మాత్రమే: ____. నెలవారీ ఫీజు: ____.
>
> యాడ్స్‌కు పెట్టే డబ్బు ఇందులో లేదు. పెట్టాలనుకుంటే అది మీ కార్డు నుంచి నేరుగా ఆ వేదికకు వెళ్తుంది, నా చేతుల మీదుగా కాదు.
>
> ప్రారంభ ఫీజు, మొదటి నెల ఫీజు అందిన రోజు పని మొదలవుతుంది. ఆపై ప్రతి నెల ఫీజు ఆ నెల ఒకటో తేదీకి. పది రోజులు దాటితే చెల్లించేదాకా పోస్టులు ఆగుతాయి.
>
> మొదటి గడువు మూడు నెలలు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరైనా 30 రోజుల ముందు చెప్పి ఆపేయొచ్చు.
>
> ఫీజు చెల్లించిన నెల ఫోటోలు, వీడియోలు మీవి, ఎక్కడైనా వాడుకోవచ్చు. నా పనికి నమూనాగా వాటిని చూపించుకునే వీలు నాకు ఉంటుంది.
>
> ఈ ధరలు ____ తేదీ దాకా.

మూడు నెలలు ఎందుకంటే, మొదటి నెల సర్దుకోవడంలోనే పోతుంది. రెండో నెలలో ఏ పోస్టుకు జనం స్పందిస్తున్నారో తెలుస్తుంది. మూడో నెలలో గానీ ఆ తెలిసినదాన్ని వాడుకోలేం. ఫోటోల హక్కు గురించి ఎందుకంటే, రాసుకోనంతవరకు ఫోటో హక్కు తీసినవారిదేనని చాలా దేశాల చట్టాలు అంటాయి, భారతదేశ చట్టం మాత్రం డబ్బిచ్చి తీయించుకున్నవారిదంటుంది. ఆ తేడా తెలియక తీసినవారు నాదే అనుకుంటారు, డబ్బిచ్చినవారూ నాదే అనుకుంటారు. ముందే తేల్చితే తర్వాత పేచీ ఉండదు.

రీల్స్ పాటల మాట కూడా చెప్పుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యాపార అకౌంట్లకు, మామూలు అకౌంట్లకు దొరికే పాటలన్నీ దొరకవు. అప్పుడు నడుస్తున్న సినిమా పాట పెట్టమని అడుగుతారు. "వ్యాపారానికి అనుమతి ఉన్న సంగీతమే వాడతాను" అన్న ముక్క పని పరిధిలో వేసేయండి.

8. ఫలితం గురించి ఏం మాటివ్వొచ్చు

ఫాలోవర్ల సంఖ్యకు మాట ఇవ్వకండి. అది మీ చేతిలో లేదు, పైగా వేరే దేశంలో ఉన్న పదివేలమంది ఫాలోవర్లు గురువారం రాత్రి వచ్చి కూర్చోరు. మీరిచ్చే మాట పని గురించి ఉండాలి, చూపించే అంకె వ్యాపారం గురించి ఉండాలి.

మన ఉదాహరణకు రిపోర్టులో నాలుగే అంకెలు పెడతాను: గూగుల్ ప్రొఫైల్ నుంచి వచ్చిన ఫోన్ కాల్స్, అక్కడ దారి అడిగినవారు, ఇన్‌స్టాగ్రామ్ బయో లింకు నొక్కినవారు, సోమ–గురువారాల రాత్రి నిండిన బల్లలు. మొదటి మూడూ ఆయా వేదికలే చూపిస్తాయి. నాలుగోది యజమాని ఇవ్వాలి, అది ఆయన బాధ్యతల్లో రాయండి. బుకింగ్ పేజీ వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ఉంటే బయోలో ఇచ్చే లింకు చివర ఇది తగిలించండి, ఇన్‌స్టాగ్రామ్ నుంచి వచ్చినవారు వెబ్‌సైట్ లెక్కల్లో విడిగా కనబడతారు:

```
?utm_source=instagram&utm_medium=bio
```

ఈ నాలుగు అంకెలూ పని మొదలయ్యే ముందు నెలవి తీసి పెట్టుకోండి. అవి లేకపోతే మూడు నెలల తర్వాత "ఏం మారింది?" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు. ఇంకో జాగ్రత్త: వేళల్ని సరిచేసిన వెంటనే సోమవారం కాల్స్ పెరిగితే అది మీ రీల్స్ గొప్ప కాదు. రిపోర్టులో ఆ మాట మీరే రాయండి. రెండో నెలలో రీల్స్ గురించి చెప్పేది అప్పుడు నమ్ముతారు.

9. పంపాక బేరం

ఉత్తరం రెండు పేజీలు దాటకూడదు, ఫోన్లో తెరుచుకునే పీడీఎఫ్‌గా వెళ్లాలి. చివర్లో ఆయన చేయాల్సింది ఒక్కటే ఉండాలి: "సరే అనిపిస్తే ఈ మెసేజ్‌కు 'సరే' అని జవాబివ్వండి, సంతకం కాపీ, ఇన్వాయిస్ అదే రోజు పంపుతాను."

"కొంచెం తగ్గించండి" అన్న మాట వస్తుంది, రాకపోతేనే ఆశ్చర్యం. అదే పనికి తక్కువ తీసుకున్నారంటే మొదటి అంకె ఉత్తుత్తిదే అని ఒప్పుకున్నట్టు. ఫీజు తగ్గాలంటే పనీ తగ్గాలి. అందుకే నేను చిన్న పథకం ఒకటి ముందే లెక్కకట్టి పెట్టుకుంటాను, ఉత్తరంలో మాత్రం పెట్టను. మన ఉదాహరణలో తీసేయడానికి అన్నిటికంటే అనువైనది మెసేజీల పని. కౌంటర్ దగ్గర ఎవరో ఒకరు ఎలాగూ ఫోన్ ఎత్తుతుంటారు, వాళ్లే చూసుకోవచ్చు. ఏడున్నర గంటలు పోతే 31 కాస్తా ఇరవై మూడున్నర, పదో వంతు కలిపితే 26. ఫీజు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, మీ గంట రేటు మాత్రం అలాగే ఉంటుంది. "సార్, ఈ మొత్తానికి మెసేజీలు మీ సిబ్బంది చూసుకుంటారు, మిగతావన్నీ అలాగే ఉంటాయి" అని చెప్పండి. ఇలా చెప్పినప్పుడు కొందరు వెనక్కి వెళ్లి మొదటి ఫీజుకే ఒప్పుకున్నారు, ఎందుకంటే ఆ మెసేజీల బాధేమిటో వాళ్లకే బాగా తెలుసు.

రీల్స్‌ను మాత్రం నాలుగు నుంచి రెండుకు దించకండి. షూట్‌కు ఎలాగూ అన్ని గంటలూ పడతాయి కాబట్టి మీకు మిగిలే గంటలు తక్కువ, ఆయన పోగొట్టుకునేది ఎక్కువ.

జవాబు రాకపోతే నాలుగో రోజు ఒక మెసేజ్, ధరల గడువుకు రెండు రోజుల ముందు ఇంకొకటి. శుక్రవారం సాయంత్రం పంపకండి, ఆయన అప్పుడు బల్లల మధ్య పరుగెత్తుతుంటారు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి పంపండి. "చూశారా?" అని అడగొద్దు. "గూగుల్‌లో సోమవారం వేళలు మారాయి, చూశాను. ఈ సోమవారం రాత్రి ఏమైనా తేడా కనబడిందా?" అని అడగండి.